చూసిన ధర ఒకటి, పడిన ధర ఒకటి: మార్కెట్ ఆర్డర్ ఎప్పుడు, లిమిట్ ఆర్డర్ ఎప్పుడు?

ప్రశ్న: రెండు నెలల క్రితం డీమ్యాట్ ఖాతా తెరిచాను. ఒక చిన్న కంపెనీ షేరు ధర యాప్‌లో 184 రూపాయలు చూపిస్తుంటే, మార్కెట్ ఆర్డర్ పెట్టి 300 షేర్లు కొన్నాను. తీరా చూస్తే సగటున 187 రూపాయల 21 పైసలు పడింది. మధ్యలో ఎవరైనా నొక్కేశారా అని అనుమానం వచ్చింది. మా బావగారు "ఎప్పుడైనా లిమిట్ ఆర్డరే పెట్టాలమ్మా" అన్నారు. సరేనని ఇంకో షేరుకు 410 రూపాయలకు లిమిట్ పెట్టాను. ఆ రోజు కనిష్ఠ ధర 410 అనే చూపించింది కానీ నాకు ఒక్క షేరు కూడా రాలేదు, సాయంత్రానికి ఆర్డర్ రద్దయింది. కొత్తగా మొదలుపెట్టిన నాలాంటివాళ్లు దేన్ని ఎప్పుడు వాడాలి?
— ఒక పాఠకురాలు, అనకాపల్లి

సమాధానం: మీ డబ్బు ఎవరూ నొక్కేయలేదు. యాప్‌లో షేరు పేరు పక్కన పెద్ద అక్షరాలతో కనిపించే అంకె, మీకు ఆ షేరును ఎవరైనా అమ్మడానికి సిద్ధంగా ఉన్న ధర కాదు. అది అంతకుముందు చివరిగా ఎవరో ఇద్దరి మధ్య జరిగిన లావాదేవీ ధర. దాన్నే ఎల్‌టీపీ అంటారు. పెద్ద కంపెనీ షేరులో ఆ లావాదేవీ అర సెకను క్రితం జరిగి ఉంటుంది కాబట్టి పెద్దగా తేడా తెలియదు. చిన్న కంపెనీ షేరులో మాత్రం అది పది నిమిషాల క్రితం, ఐదు షేర్ల కోసం జరిగినదై ఉండవచ్చు. ఆ ధరకు అమ్మినవారు అమ్మేసి వెళ్లిపోయారు. మీరు కొనవలసింది ఇప్పుడు అమ్మకానికి నిలబడి ఉన్నవారి దగ్గర.

వాళ్లు ఎంతకు, ఎన్ని అమ్ముతున్నారు అన్నది మార్కెట్ డెప్త్ అనే చోట కనిపిస్తుంది. దాదాపు ప్రతి యాప్‌లోనూ షేరు పేరు నొక్కితే అది తెరుచుకుంటుంది. ఎడమవైపు కొనేవారి ధరల్లో మెరుగైన ఐదు, కుడివైపు అమ్మేవారి ధరల్లో మెరుగైన ఐదు, ఒక్కో ధర దగ్గర ఎన్ని షేర్లు ఉన్నాయో ఆ సంఖ్య ఉంటాయి. మీరు కొన్న క్షణంలో ఆ పట్టిక ఎలా ఉందో నేను చూడలేదు కానీ, మీకు పడిన సగటు ధరకు సరిగ్గా సరిపోయే ఒక పట్టికను ఊహించి లెక్క వేద్దాం. కొనేవారిలో అందరికంటే ఎక్కువ ఇస్తానన్నవారు 183.20 దగ్గర ఉన్నారనుకోండి. అమ్మేవారి వైపు 184.60కి 40 షేర్లు, 185.50కి 60, 187.00కి 100, 189.50కి 150 ఉన్నాయనుకోండి.

మార్కెట్ ఆర్డర్ అంటే "నాకు 300 షేర్లు కావాలి, ధర ఎంతైనా సరే" అని చెప్పడం. ఎక్స్ఛేంజి కంప్యూటర్ ఆ మాటను అక్షరాలా పాటిస్తుంది. ముందు 184.60కి ఉన్న 40 షేర్లు తీసుకుంటుంది, దానికి 7,384 రూపాయలు. తరువాత 185.50కి ఉన్న 60 షేర్లు తీసుకుంటుంది, 11,130 రూపాయలు. ఆపైన 187.00కి ఉన్న 100 షేర్లు, 18,700 రూపాయలు. ఇంకా 100 షేర్లు కావాలి కాబట్టి 189.50 దాకా ఎక్కి అక్కడున్న 150లో 100 తీసుకుంటుంది, 18,950 రూపాయలు. మొత్తం 56,164 రూపాయలు, సగటున షేరుకు 187 రూపాయల 21 పైసలు. తెర మీద చూసిన 184తో గుణిస్తే 55,200 అయ్యేది. ఆ తేడా 964 రూపాయలు బ్రోకర్‌కు చేరలేదు, ఎక్కువ ధర చెప్పి ఓపికగా కూర్చున్న అమ్మకందారులకు చేరింది. మెట్లెక్కుతూ పోయినందుకు పడే ఈ అదనపు ఖర్చును ఇంపాక్ట్ కాస్ట్ అంటారు. ఇది మీకు వచ్చే కాంట్రాక్ట్ నోట్‌లో రుసుముగా ఎక్కడా కనిపించదు. బ్రోకరేజీ 20 రూపాయలా, ఉచితమా అని బేరమాడి ఖాతా తెరిచినవారు కూడా దీన్ని గమనించకపోవడానికి అదే కారణం.

ఈ మెట్లు ఎంత లోతుకు పోగలవో ఒక సంఘటన చూపించింది. 2012 అక్టోబర్ 5న ఎన్‌ఎస్‌ఈలో ఒక బ్రోకింగ్ సంస్థ నుంచి పొరపాటున వెళ్లిన 59 అమ్మకం ఆర్డర్లు 650 కోట్ల రూపాయలకు పైబడిన లావాదేవీలుగా మారాయి. నిఫ్టీ క్షణాల్లో సుమారు 15 శాతం పడిపోయింది, ట్రేడింగ్ కాసేపు ఆగింది. ఆ క్షణాల్లో ఏ కంపెనీ లాభమూ తగ్గలేదు, ఏ దుర్వార్తా రాలేదు. కొనేవారు చెప్పిన ధరలు ఒకదాని తరువాత ఒకటి ఖాళీ అయిపోయాయి, అంతే. మీ 300 షేర్లలో జరిగింది కూడా, ఎంతో చిన్న కొలతలో, ఇదే.

ఇప్పుడు అదే పట్టిక ముందు లిమిట్ ఆర్డర్ పెడితే ఏమవుతుందో చూద్దాం. లిమిట్ ఆర్డర్ అంటే "300 షేర్లు కావాలి, అయితే ఒక్కో షేరుకు ఇంతకు మించి ఇవ్వను" అని చెప్పడం. మీరు 185.50 అని పెట్టారనుకోండి. 184.60కి 40, 185.50కి 60, మొత్తం 100 షేర్లు వెంటనే మీకు వస్తాయి. మిగిలిన 200 షేర్ల కోసం మీ ఆర్డర్ కొనేవారి వరుసలో నిలబడుతుంది. అంతకుముందు 183.20 దగ్గర ఉన్నవారికంటే మీరే ఎక్కువ ఇస్తామంటున్నారు కాబట్టి, ఆ వరుసలో మీరే మొదటివారవుతారు. తొందరలో ఉన్న అమ్మకందారు ఎవరు వచ్చినా ముందు మీకే అమ్ముతారు. ఎవరూ రాకపోతే మధ్యాహ్నం మూడున్నరకు మార్కెట్ ముగిసేసరికి ఆ 200 షేర్ల ఆర్డర్ రద్దవుతుంది, వాటి కోసం పక్కన పెట్టిన డబ్బు మీ ఖాతాలో వాడకానికి విడుదలవుతుంది.

ఇక్కడ చాలామంది కొత్తవారికి తెలియని విషయం ఒకటుంది. లిమిట్ ఆర్డర్ అంటే తప్పనిసరిగా ప్రస్తుత ధర కంటే తక్కువకు పెట్టి ఎదురు చూడటమని అనుకుంటారు. అలా ఏమీ లేదు. కొనేటప్పుడు మీరు రాసే ధర గరిష్ఠ హద్దు మాత్రమే. మీరు 186 అని రాసినా, 184.60కి అమ్మేవారున్నంత వరకు మీకు 184.60కే పడుతుంది. కాబట్టి వెంటనే కొనవలసి వస్తే మార్కెట్ ఆర్డర్ ఒక్కటే దారి కాదు. డెప్త్ తెరిచి, అమ్మేవారి వైపు పై నుంచి షేర్ల సంఖ్యలు కూడుకుంటూ రండి. మీకు కావలసిన సంఖ్య ఏ ధర దగ్గర పూర్తవుతుందో చూసి, ఆ ధర ఇవ్వడం మీకు సమ్మతమైతే దాన్నే లిమిట్‌గా రాయండి. పని దాదాపు మార్కెట్ ఆర్డర్ అంత వేగంగానే జరుగుతుంది. మీరు నొక్కే ఆ ఒక్క క్షణంలో ఎవరైనా అమ్మకందారు తన ఆర్డర్ వెనక్కి తీసుకున్నా, మీరు మాత్రం హద్దు దాటి పైకి పోరు. కొత్తవారికి నేను చెప్పే పద్ధతి ఇదే. కొన్ని యాప్‌లు కొనుగోలు తెర తెరవగానే మార్కెట్ ఆర్డర్‌ను ముందుగా ఎంపిక చేసి ఉంచుతాయి. అది నాకు నచ్చదు. సెట్టింగ్‌లలో మార్చుకునే వీలుంటే ఈరోజే లిమిట్‌కు మార్చుకోండి.

ఇక మీ రెండో అనుభవం. కనిష్ఠ ధర 410 అని చూపించిందంటే 410 దగ్గర కనీసం ఒక లావాదేవీ జరిగిందన్న మాట నిజమే. అయితే 410కి కొంటామని చెప్పినవారు మీరొక్కరే కాదు. ఎక్స్ఛేంజిలో మంచి ధర చెప్పినవారికి మొదటి ప్రాధాన్యం, ఒకే ధర చెప్పినవారిలో ముందుగా వచ్చిన ఆర్డర్‌కు మొదటి ప్రాధాన్యం. రేషన్ దుకాణం ముందు వరుస లాంటిదే ఇది. మీకంటే ముందు 410 దగ్గర 2,600 షేర్ల ఆర్డర్లు నిలబడి ఉండి, ఆ ధరకు అమ్మడానికి వచ్చిన షేర్లు 900 మాత్రమే అయితే, ఆ 900 వరుస ముందున్నవారికి పోతాయి. తరువాత ధర పైకి మళ్లితే మీ దాకా ఏమీ రాదు. 400, 410, 500 వంటి గుండ్రని అంకెల దగ్గర ఈ వరుస మరింత పొడవుగా ఉంటుంది, ఎందుకంటే అందరి మనసుకూ ముందుగా తట్టేది అలాంటి అంకెలే. 250 రూపాయలు దాటి వెయ్యి లోపు ఉన్న షేర్లలో ధర ఐదు పైసల చొప్పున మారుతుంది కనుక, 410కి బదులు 410.05 అని రాసి ఉంటే ఆ మొత్తం వరుసకు ముందు నిలబడేవారు. 100 షేర్లకు అదనంగా అయ్యేది ఐదు రూపాయలు.

లిమిట్ ఆర్డర్‌కు ఇంకో లోపం ఉంది, అది ఇంత సులువుగా కంటికి కనిపించదు. ఆ రోజు ధర 410 దగ్గర ఆగకుండా 395కు జారి ఉంటే, మీ ఆర్డర్ తప్పకుండా నెరవేరేది. అంటే తక్కువ ధరకు కొంటానని వరుసలో నిలబడినవారికి, ధర కాస్త తాకి పైకి వెళ్లిన మంచి రోజున షేర్లు దొరకకపోవచ్చు, హద్దు దాటి కిందికి పడుతున్న రోజున మాత్రం తప్పకుండా దొరుకుతాయి. ఆ పతనానికి కంపెనీ ఫలితాలు బాగా లేకపోవడమో, మరో దుర్వార్తో కారణమైతే, ఆ వార్త చదివినవారు అమ్మేసుకుంటున్న షేర్లు, పొద్దున ఆర్డర్ పెట్టి పనిలో పడిపోయిన మీ చేతికి వస్తాయి. అందుచేత ఫలితాలు వెలువడే రోజున దూరపు ధరకు లిమిట్ పెట్టి మరిచిపోకండి. బ్రోకర్లు ఇచ్చే జీటీటీ సౌకర్యంతో నెలల తరబడి నిలిచి ఉండేలా పెట్టిన ఆర్డర్ల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. పెట్టినప్పుడు ఉన్న కారణం ఆరు నెలల తరువాత ఉండకపోవచ్చు.

మీ బావగారి మాట చాలావరకు సరైనదే, అయితే "ఎప్పుడైనా" అన్నంత కచ్చితంగా కాదు. మార్కెట్ ఆర్డర్ వల్ల నష్టం దాదాపు లేని సందర్భాలున్నాయి. నిఫ్టీ 50లో ఉండే పెద్ద కంపెనీ షేరు 1,400 రూపాయల దగ్గర ఉందనుకోండి. కొనేవారి ధరకూ అమ్మేవారి ధరకూ మధ్య పది, ఇరవై పైసల తేడా ఉంటుంది, ఒక్కో ధర దగ్గర వందల షేర్లు ఉంటాయి. మీరు కొనేది పది షేర్లయితే మొదటి మెట్టు దగ్గరే పని పూర్తవుతుంది, మార్కెట్ ఆర్డర్ వల్ల పోయేది మహా అయితే రెండు రూపాయలు. ఇక్కడ పది పైసల కోసం లిమిట్ తగ్గించి పెట్టి, సాయంత్రానికి షేరు పదిహేను రూపాయలు పెరిగితే బాధపడటంలో అర్థం లేదు. నెలనెలా కొద్దికొద్దిగా పెద్ద కంపెనీల షేర్లు కొనుక్కునేవారు, ఉదయం పదిన్నర, పదకొండు తరువాత ప్రశాంతంగా ఉన్న వేళ మార్కెట్ ఆర్డర్ పెట్టినా ఇబ్బంది లేదు. అమ్మేటప్పుడు కూడా, డబ్బు తప్పనిసరిగా కావలసి వచ్చి ఈరోజే అమ్మక తప్పని స్థితిలో, షేరు పెద్దదైతే మార్కెట్ ఆర్డరే మేలు. ఇవాళ అమ్మితే సెటిల్‌మెంట్ తరువాతి ట్రేడింగ్ రోజున జరుగుతుంది కాబట్టి, ఒక రోజు లిమిట్ తప్పిపోతే డబ్బు కూడా ఒక రోజు వెనకబడుతుంది.

అయితే మార్కెట్ ఆర్డర్ పెడితే తప్పకుండా అమ్ముడవుతుందన్న నమ్మకం కూడా పూర్తిగా సరైనది కాదు. అవతల కొనేవారు ఉంటేనే అమ్ముడవుతుంది. చిన్న షేర్ల ధర ఒక రోజులో పెరగడానికీ, తగ్గడానికీ 5, 10, 20 శాతం వంటి హద్దులుంటాయి, వాటినే సర్క్యూట్ అంటారు. షేరు కింది సర్క్యూట్ దగ్గర ఆగిపోయినప్పుడు డెప్త్‌లో ఎడమవైపు పూర్తిగా ఖాళీగా ఉంటుంది, కుడివైపు లక్షల షేర్లు అమ్మకానికి నిలబడి ఉంటాయి. అప్పుడు మీరు మార్కెట్ ఆర్డర్ పెట్టినా చేయగలిగింది ఏమీ ఉండదు, ఆ వరుస చివర నిలబడవలసిందే.

మార్కెట్ ఆర్డర్‌కు నేను ఒప్పుకోని సమయాలు కొన్ని చెబుతాను. ఉదయం 9:15కు మార్కెట్ మొదలైన తొలి పది పదిహేను నిమిషాల్లో, ముఖ్యంగా చిన్న షేర్లలో, డెప్త్ పలచగా ఉంటుంది, మెట్ల మధ్య దూరం ఎక్కువగా ఉంటుంది. అదే షేరును పదకొండింటికి చూస్తే ఆ దూరం సగానికి తగ్గి ఉండటం మీరే గమనించవచ్చు. రాత్రి భోజనం తరువాత పెట్టే ఆఫ్టర్ మార్కెట్ ఆర్డర్లు కూడా ఇలాంటివే. అవి మర్నాడు ఉదయం ఎక్స్ఛేంజికి చేరతాయి, రాత్రికి రాత్రి ఏ వార్త వచ్చినా మీ మార్కెట్ ఆర్డర్ దానికి కట్టుబడి ఉంటుంది. ఆ ఆర్డర్ 9:00 నుంచి 9:08 దాకా ఆర్డర్లు తీసుకునే ప్రీ ఓపెన్ సెషన్‌లోకి వెళితే, ఎక్కువ షేర్లు చేతులు మారగలిగే ఒకే ఒక్క ధరను ఎక్స్ఛేంజి లెక్కగట్టి అందరికీ ఆ ధరకే ఇస్తుంది. ఆ ధర ఎంతో ముందు రాత్రి మీకు తెలియదు. రాత్రి పూట పెట్టే ఆర్డర్ ఏదైనా లిమిట్ ఆర్డరే కావాలి. అక్కడ కూడా మీరు 420 అని రాసి, ప్రారంభ ధర 412 తేలితే మీకు 412కే వస్తుంది.

ఈటీఎఫ్‌లు, అంటే షేర్లలాగే ఎక్స్ఛేంజిలో చేతులు మారే ఫండ్ యూనిట్లు, కొనేవారు కూడా ఈ విషయంలో ఎక్కువగా దెబ్బతింటారు. బంగారం ఈటీఎఫ్ అన్నా, నిఫ్టీ ఈటీఎఫ్ అన్నా పేరు పెద్దదే కాబట్టి లావాదేవీలు కూడా జోరుగా ఉంటాయనుకుంటారు. కొన్ని ఈటీఎఫ్‌లలో అది నిజం, మరికొన్నింటిలో రోజంతా కలిపి కొన్ని వేల యూనిట్లు కూడా చేతులు మారవు. వీటికి ఒక సౌలభ్యం ఉంది. యూనిట్ అసలు విలువ ఆ క్షణంలో ఎంతో ఐనావ్ అనే పేరుతో ఫండ్ సంస్థ వెబ్‌సైట్‌లో మార్కెట్ నడుస్తున్నంత సేపూ కనిపిస్తూ ఉంటుంది. ఐనావ్ 62.40 ఉంటే 62.45 దగ్గర లిమిట్ పెట్టండి. అమ్మేవారు 63.80 అంటుంటే ఆ రోజుకు ఊరుకోండి. షేరుకు సరైన ధర ఎంత అన్నది వాదనకు లోబడే విషయం, ఈటీఎఫ్‌కు అది తెర మీదే రాసి ఉంటుంది. అలాంటప్పుడు ధర చూడకుండా కొనడానికి కారణమే లేదు.

చివరిగా అమ్మకం గురించి ఒక హెచ్చరిక. ఈ పొరపాటు వల్ల షేర్లు పోగొట్టుకున్న కొత్తవారి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. మీ 300 షేర్లు 170కి పడితే అమ్మేసి నష్టం ఆపుకోవాలని మీరు అనుకున్నారనుకోండి. 170కి లిమిట్ అమ్మకం ఆర్డర్ పెడితే అది 170 వచ్చే దాకా ఆగదు. అమ్మేటప్పుడు లిమిట్ అంటే "ఇంతకు తగ్గకుండా" అని అర్థం. ఎదుట 183.20కి కొనేవారు నిలబడి ఉన్నారు, అది 170 కంటే మెరుగైన ధర, కాబట్టి మీ షేర్లు ఆ క్షణమే అమ్ముడుపోతాయి. 183.20 దగ్గర కొనేవారు సరిపోకపోతే, 170 దాకా ఎదురుపడిన ప్రతి మెట్టూ దిగుతూ అమ్ముడుపోతాయి. మీరు కోరుకున్నది స్టాప్ లాస్ ఆర్డర్. అందులో ట్రిగ్గర్ ధర అని వేరే గడి ఉంటుంది. ట్రిగ్గర్ 172, లిమిట్ 170 అని రాస్తే, ధర 172ను తాకే దాకా ఆ ఆర్డర్ నిద్రలో ఉంటుంది, తాకాక 170కి తగ్గకుండా అమ్మే లిమిట్ ఆర్డర్‌గా మారుతుంది. ఏదో ఒక ఉదయం షేరు నేరుగా 165 దగ్గర మొదలైతే మాత్రం ఆ ఆర్డర్ మేలుకుంటుంది కానీ నెరవేరదు, ఎందుకంటే 170 ఇచ్చేవారు అప్పటికి ఎవరూ ఉండరు. అందుకే ట్రిగ్గర్‌కూ లిమిట్‌కూ మధ్య ఎంత ఎడం ఉంచాలన్నది ఆ షేరు డెప్త్‌లో మెట్ల మధ్య దూరాన్ని చూసి నిర్ణయించుకోవాలి. మీరు కొన్నలాంటి పలచని షేరుకు రెండు రూపాయల ఎడం చాలదు, నాలుగైదు రూపాయలైనా కావాలి.

మామూలు లిమిట్‌తో అమ్మేటప్పుడు ఒక చిన్న ఖర్చును కూడా లెక్కలో పెట్టుకోండి. డీమ్యాట్ ఖాతా నుంచి షేర్లు బయటికి వెళ్లినప్పుడు పడే డీపీ చార్జీ ఒక్కో కంపెనీకి రోజుకు ఒకసారి చొప్పున ఉంటుంది, ఎన్ని షేర్లన్నదానితో సంబంధం లేదు. మీ 300లో ఈరోజు 20 మాత్రమే అమ్ముడై మిగిలినవి రేపు అమ్మితే అది రెండుసార్లు పడుతుంది. అందువల్ల మూడు గంటల వేళ ఒకసారి యాప్ తెరిచి, ఆర్డర్ సగంలో ఆగి ఉంటే, మిగిలిన షేర్లకు ఎదుటివారు ఇస్తున్న ధర చూడండి. తేడా ఆ చార్జీ కంటే తక్కువైతే లిమిట్‌ను వారి ధరకు సవరించి ఆ రోజే ముగించేయండి.